పన్నెండు బస్తాల లెక్క

గుమ్మఘట్టలో కన్యకమ్మ అంగడికి బోర్డు లేదు. ఉండాల్సిన అవసరం కూడా ఆమెకు ఎప్పుడూ కనపడలేదు. ఊళ్ళో ఎవరినడిగినా దారి చెబుతారు, చెప్పేటప్పుడు ఆమె నోటి గురించి కూడా ఒక ముక్క కలిపి చెబుతారు. భర్త రామకృష్ణయ్య పోయిన మూడో రోజుకే గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, మళ్ళీ లేవలేదు. చదువు రెండో తరగతి. అది కూడా పంతులు బదిలీ అయి పోయినందువల్ల ఆగింది గానీ తన వల్ల కాదని ఇప్పటికీ చెబుతుంది.

ఆమె గొప్పగా చెప్పుకునేది ఒక్కటే. తన అంగట్లో లేదు అనే మాట ఎవరికీ చెప్పలేదు. ఇది నిజమే. సబ్బు అయిపోతే, "రేపు రా" అంటుంది. చక్కెర అయిపోతే, "బెల్లం తీసుకో, ఒంటికి మంచిది" అంటుంది. అగ్గిపెట్టెలు అయిపోతే, పొయ్యి వెలిగించుకోవడానికి అంత తొందరేమని అడుగుతుంది. జనం రేపు రావడానికి అలవాటు పడిపోయారు. రోడ్డుకు ఆ పక్కన ఆనంద్ అనే కుర్రాడు అద్దాల తలుపులు పెట్టి మార్ట్ తెరిచేదాకా అలవాటు పడే ఉన్నారు. ఆ తరువాత కొంతమందికి రేపటిదాకా ఆగే ఓపిక పోయింది.

ఓపిక పోయినవాళ్ళలో బసప్ప లెక్కకొచ్చే మనిషి. బస్టాండు దగ్గర అతనికి బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి తాళింపు పెట్టే ఉగ్గాని హోటలు ఉంది. వారానికి ఐదు బస్తాల బొరుగులు కన్యకమ్మ దగ్గరే తీసుకుంటాడు. ఊళ్ళో ఇళ్ళన్నీ కలిసి పడితో కొలిపించుకుని కొనేది రెండు బస్తాలకు మించదు. అంటే బసప్ప పోయినాడంటే బొరుగుల వ్యాపారం పోయినట్టే. బొరుగులతో పాటు అతను తీసుకునే నూనె, శనగపిండి, మిరపకాయలు కూడా రోడ్డు దాటి పోతాయి. ఎండాకాలంలో రెండు సార్లు అతనికి పొద్దున్నే బొరుగులు దొరకలేదు. రెండోసారి అతను వచ్చి గడప మీద నిలబడి, కేకలేమీ వేయకుండా చెప్పినాడు.

"శెట్టమ్మా, ఉగ్గానికి వచ్చినోనికి నేను రేపు రమ్మంటే, వాడు రేపు ఇంకోని హోటలుకు పోతాడు. ఇంకొక్కసారి ఇట్లయితే నేనూ ఆ పక్కకే పోతా. నన్ను తిట్టుకోవద్దు."

కన్యకమ్మ తిట్టుకోలేదు. పైకే తిట్టింది. కానీ ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదని కోడలు లావణ్య గమనించింది.

లావణ్య గుత్తి పిల్ల. అంగడి ఇంట్లోనే పుట్టి పెరిగింది, డిగ్రీ దాకా చదివింది. చైత్రంలో కాపురానికి వచ్చింది. వచ్చిన నెలరోజులు అంగట్లోకి తొంగి చూడడం తప్ప లోపలికి అడుగు పెట్టలేదు, అత్త పెట్టనివ్వలేదు. బసప్ప మాట విన్న మరునాడు మాత్రం పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, దాని మీద గీతలు గీసుకుని వచ్చింది. ఏ సరుకు వారానికి ఎంత పోతుంది, చెప్పినాక ఎన్నాళ్ళకు వస్తుంది, ఎంత మిగిలినప్పుడు చెప్పాలి. ఈ మూడు గళ్ళు. రాయదుర్గం సబ్బుల ఏజెంటు సోమవారం వచ్చి రాసుకుంటే వ్యాను గురువారం వస్తుంది. నూనె అడిగిన మరునాడే వస్తుంది కాబట్టి రెండు డబ్బాలుంటే చాలు. ఉప్పు నెలకొకసారి చూసుకున్నా పోయేదేం లేదు.

కన్యకమ్మ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, తన కంటికి ఇన్నేళ్ళూ ఇదంతా కనపడుతూనే ఉందని, కాగితం మీద గీస్తే సరుకు పుట్టదని చెప్పింది. కొడుకు సాయిగణేష్ ఎప్పటిలాగే ఇద్దరి మాటకూ తల ఊపినాడు. చివరికి ఒప్పందం ఏమంటే, గల్లా అత్తది, కాగితం కోడలిది. కాగితం తప్పిందా, ఇక అంగట్లోకి రాకూడదు. ఈ ముక్క కన్యకమ్మే పెట్టింది. పెట్టి, ఎప్పుడు తప్పుతుందా అని చూస్తూ కూర్చుంది.

తప్పడానికి ఎన్నాళ్ళో పట్టలేదు గానీ, పూర్తిగా తప్పలేదు. బొరుగులు బళ్ళారి నుంచి వస్తాయి. అక్కడ వాటిని వేయించే భట్టీ యజమాని ఫోనులో మూడు రోజులన్నాడు. లావణ్య రోజుకొక బస్తా చొప్పున మూడు, చేతికింద ఉండాలని రెండు, మొత్తం ఐదు మిగిలినప్పుడు చెబితే చాలని రాసుకుంది. ఒక బుధవారం సాయంత్రానికి ఐదుకు దిగినాయి. ఫోను చేసింది. అవతలి మనిషి తాపీగా, ఆర్డర్లు శనివారమే రాసుకుంటామని, బండి ఆ దారిన మంగళవారమే వస్తుందని చెప్పినాడు. మూడు రోజులంటే శనివారం నుంచి మంగళవారానికి మూడు రోజులన్నమాట. ఆ ఐదు బస్తాలు సోమవారం రాత్రికి సరిగ్గా అయిపోయినాయి, తెల్లారి బండి వచ్చింది. గండం గడపదాకా వచ్చి తిరిగిపోయింది. కన్యకమ్మకు నిట్టూర్పు వచ్చింది. అది దేనికి వచ్చిందో ఆమెకే తెలియాలి.

లావణ్య ఆ గడి కొట్టేసి కొత్తగా రాసింది. ఈ శనివారం చెప్పిన సరుకు మంగళవారం వస్తుంది. దాని తరువాతది మళ్ళీ శనివారం చెబితే ఆ పై మంగళవారం గానీ రాదు. అంటే ఒక శనివారం చేతిలో ఉన్నదీ, చెప్పినదీ కలిసి పది రోజులు నడిపించాలి. పది రోజులకు పది బస్తాలు, ఆపదకు రెండు, మొత్తం పన్నెండు. ప్రతి శనివారం పొద్దున లెక్కపెట్టుకుని, పన్నెండుకు ఎన్ని తక్కువైతే అన్ని చెప్పాలి. ఐదుంటే ఏడు. నాలుగుంటే ఎనిమిది. అంతే.

అది నడిచింది. జ్యేష్ఠం పోయింది, ఆషాఢం పోయింది. బసప్ప మనిషి పొద్దున్నే వచ్చి బస్తా ఎత్తుకుపోతున్నాడు. బసప్ప గడప తొక్కడం మానేసినాడు, అంటే సంతోషంగా ఉన్నట్టే. కన్యకమ్మ ఆ కాగితం వంక చూడకుండా ఉండడానికి శానా కష్టపడింది. అది ఎదురుగా గోడకే వేలాడుతోంది మరి.

శ్రావణం వచ్చింది.

రామకృష్ణయ్య బతికున్నప్పటినుంచి ఆ అంగట్లో ఒక పద్ధతి ఉంది. శ్రావణ శుక్రవారాలు అంగడి వెలితిగా కనపడకూడదు. లక్ష్మి గడపలోకి వచ్చేది ఆ నెలే, వచ్చి ఖాళీ చూసి పోతే ఏడాదంతా ఖాళీయే. కాబట్టి డబ్బాల్లో కాగితం ఉండలు పెట్టి పైన ఇంత పప్పు పోసేవాడు. సబ్బుల వరుసకు వెనక ఖాళీ అట్టపెట్టెలు నిలబెట్టేవాడు. వాకిలి పక్క బొరుగుల బస్తాల వరుసలో, ఖాళీ గోతాల్లో శనక్కాయ పొట్టు కుక్కి, మూతి కుట్టి పెట్టేవాడు. పొట్టు కూడా బొరుగుల మాదిరే తేలిక, ఎత్తి చూసినా తేడా తెలీదు. వాన సరిగా పడక గింజ పట్టని కాయలు ఆ సీమలో ఏ ఏడైనా దొరుకుతాయి గనుక పొట్టుకు ఎన్నడూ కరువు రాలేదు.

మొదటి శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం, లావణ్య ఇంట్లో పూర్ణాలు చేసుకుంటుండగా, కన్యకమ్మ తలుపు దగ్గరగా వేసుకుని నాలుగు గోతాలు కుట్టింది. ఐదు నిజం బస్తాల పక్కన నాలుగు పొట్టు బస్తాలు నిలబడ్డాయి. కుంకుమ పెట్టింది. వరుస నిండుగా కనపడింది. ఈ పద్ధతి గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక అది పద్ధతి ఎట్లవుతుంది?

మరునాడు శనివారం. లావణ్య పొద్దున్నే వచ్చి బస్తాలు వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టింది. తొమ్మిది. ముఖం వెలిగింది. పండగ వారం గదా, హోటలుకూ ఇళ్ళకూ తక్కువ పోయినాయనుకుంది. పన్నెండుకు మూడు తక్కువ. ఫోను తీసింది.

కన్యకమ్మ గల్లా దగ్గరే ఉంది. తొమ్మిది అన్న మాట విన్నది. నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా మారెక్క నిలబడి ఉంది. గొర్రెలు తోలే మారెక్క ఉప్పు కోసం వచ్చింది. ఆమె చెవిన పడిన మాట సాయంత్రానికి గొర్రెలతో పాటు పది ఊళ్ళు తిరిగి వస్తుంది. కన్యకమ్మ అంగట్లో బస్తాల నిండా పొట్టంట అని రాయదుర్గం దాకా చేరుతుంది. కన్యకమ్మ తెరిచిన నోటిని ఆవులింతగా మార్చి మూసుకుంది.

మారెక్క పోయినాక చెప్పవచ్చు. చెప్పలేదు. ఐదు బస్తాలు ఉండనే ఉన్నాయి గదా, మంగళవారం ఎట్లాగూ బండి వస్తుంది గదా, తొందరేమని తనకు తానే సర్ది చెప్పుకుంది. తన కంటి లెక్క ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. కనపడేది చూస్తుంది, రాబోయేది చూడదు. ఇన్నాళ్ళూ ఊరు రేపు రావడానికి కారణం ఆ కన్నే. కోడలి కాగితం ఒకసారి తడబడితే చూడ్డానికి బాగుంటుందన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

మంగళవారం మూడు బస్తాలే దిగినాయి. అప్పటికి నిజంగా మిగిలినవి రెండు. మొత్తం ఐదు. రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పొట్టు బస్తాలకు మళ్ళీ కుంకుమ అందింది. శనివారం లావణ్య లెక్కపెడితే ఐదు వచ్చినాయి. కాగితం మీద చూసుకుంటే, తొమ్మిదికి మూడు కలిపి ఏడు తీస్తే ఐదే. కాగితానికీ కంటికీ ఇంత చక్కగా కుదరడం అదే మొదటిసారి. ఆమె పొంగిపోయి ఏడు చెప్పింది. ఆ ఐదింటిలో తినగలిగేది ఒక్క బస్తానే. అది ఆ పూటే బసప్ప హోటలుకు పోయింది.

ఆ శనివారం సాయంత్రం కన్యకమ్మ వరుస వంక చూసి మొదటిసారి లెక్క పెట్టింది. వేళ్ళు చాలినాయి. అసలు వేళ్ళు అవసరమే పడలేదు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. చెబితే కోడలు అడిగే మొదటి మాట, పోయిన శనివారం ఎందుకు చెప్పలేదని. ఆ మాటకు జవాబు వెతుకుతూ ఆమె నిద్రపోయింది.

ఆదివారం తెల్లారుజామున బసప్ప మనిషి జ్వరమని రాలేదు. సాయిగణేష్ లేచి, అత్తాకోడళ్ళు లేవకముందే, వాకిలి దగ్గరి బస్తా ఒకటి స్కూటరు మీద వేసుకుని హోటలులో దించి వచ్చినాడు. అతను జన్మలో చొరవగా చేసిన పని అదొక్కటే.

హోటలులో గంగక్క వంట మనిషి. పొగ నిండిన వంటింట్లో బస్తా మూతి కోసి, భుజం మీదికి ఎత్తి, నీళ్ళ తొట్టిలోకి గుమ్మరించింది. బొరుగులు నానబెట్టి పిండేది ఆ తొట్టిలోనే. చెయ్యి పెట్టి పిండబోతే గరగరమంది. దీపం తెచ్చి చూస్తే తొట్టి నిండా శనక్కాయ పొట్టు తేలుతోంది.

కన్యకమ్మ గల్లా ముందు ఊదుకడ్డీ వెలిగిస్తుండగా బసప్ప వచ్చినాడు. తడి గోతం భుజాన ఉంది. వెనక హోటలులో టీ తాగడానికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు, ఉగ్గాని ఎట్లాగూ లేదు కాబట్టి ఇది చూద్దామని వచ్చినారు. అతను గోతాన్ని గడప మీద బోర్లించినాడు. పొట్టు కుప్పగా పడింది.

"ఇంతకుముందు రేపు రమ్మంటాంటివి. ఇప్పుడు పొట్టు పంపిస్తాండావా శెట్టమ్మా? నా హోటలుకు మనుషులు వస్తారా, ఎద్దులు వస్తాయా?"

 లావణ్య లోపలినుంచి పరిగెత్తుకొచ్చి కుప్ప చూసింది, వరుసలో మిగిలిన మూడు బస్తాలు చూసింది, గోడ మీది కాగితం చూసింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. వేలు పెట్టి లెక్క మళ్ళీ చూసుకుంటోంది. సాయిగణేష్ ఎవరో ఒకరి మీద నెట్టాలి గనుక, దగ్గరున్న భార్య మీద నెట్టినాడు. కాగితాలు రాసుకుంటూ కూర్చుంటే ఇట్లే అవుతుందన్నాడు.

కన్యకమ్మకు కావలసిందంతా అప్పుడు కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. కాగితం తప్పింది. ఒప్పందం ప్రకారం కోడలు ఇక లోపలే ఉండాలి. ఒక్క నిమిషం ఊరికే ఉంటే చాలు. ఆమెకు ఊరికే ఉండడం చేతకాక కాదు, పోయిన శనివారం నుంచి ఉండనే ఉంది. కానీ నలుగురి ముందు తన అంగట్లో జరిగిన పని గుత్తినుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేసిందని అనుకోవడం ఆమెకు అవమానంగా తోచింది. ఈ అంగట్లో తప్పు చేసేంత అధికారం ఇంకొకరికి ఎక్కడిది?

"ఆయమ్మి లెక్కకేం రోగం లేదు," అంది. "ఆ బస్తాలు నావి. నేను కుట్టినా. ఆయప్ప బతికున్నప్పటినుంచి ప్రతి శ్రావణం కుడతాండా."

"ఎందుకు కుట్టినావు?" అన్నాడు బసప్ప.

"లక్ష్మికి నిండుగా కనపడాలని."

"మరి నాకెందుకు పంపితివి?"

"నీకు పంపలేదు. నా కొడుకు తెలివి అది. నువ్వు ఆడనే నిలబడు."

కన్యకమ్మ గల్లా తాళం వేసింది. చెప్పులు తొడుక్కుంది. రోడ్డు దాటింది. ఆనంద్ మార్ట్ తెరిచినప్పటినుంచి ఆ వైపు తల తిప్పని మనిషి, అద్దం తలుపు ఎటు తొయ్యాలో తెలియక రెండు వైపులా తోసి లోపలికి పోయింది. ఎన్ని బొరుగుల బస్తాలున్నాయని అడిగింది. మూడున్నాయన్నాడు ఆనంద్. మూడూ కావాలంది. అతను బస్తాకు తనకు తోచినంత ఎక్కువ వేసి చెప్పినాడు, ఆమె బేరమాడలేదు. ఊళ్ళో ఇది కూడా రెండు రోజులు చెప్పుకున్నారు. ఎదురుగా ఉన్న పోటీ అంగడామె వచ్చి సరుకంతా కొనుక్కుపోయిందని ఆనంద్ ఆ పొద్దంతా ఫోన్లో వాళ్ళకూ వీళ్ళకూ చెప్పుకుని నవ్వినాడు.

కన్యకమ్మ మూడూ తెప్పించుకుని వచ్చి, ఒక బస్తా మూతి విప్పి, బొరుగులు పైకి కనపడేటట్టు బసప్ప ముందు పెట్టింది. ఎప్పటి ధరకే ఇచ్చింది. బసప్ప తీసుకున్నాడు. తీసుకుని, ఈ పొద్దుకు సరే గానీ రేపటినుంచి తన దారి తాను చూసుకుంటానని చెప్పి పోయినాడు.

జనం చెదిరినాక లావణ్య పొట్టు ఊడ్చింది.  తరువాత మెల్లగా, ఎన్ని నిజమో ముందే తెలిసి ఉంటే భట్టీకి ఎన్ని చెప్పేదో వివరించింది. ఆ మొదటి శనివారం ఐదున్నాయి, ఏడు చెప్పాల్సింది, మూడే చెప్పింది. ఆ తక్కువైన నాలుగే ఈ పొద్దు లేవు. చేతికింద పెట్టుకున్న రెండూ ఎందుకు ఆదుకోలేదంటే, అవి కూడా పొట్టులోనే ఉన్నాయి.

"నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదే," అంది కన్యకమ్మ.

"బస్తాలో ఏముందని అడగాలా అత్తా, బొరుగుల అంగట్లో?"

 కాఫీ ఎందుకు చల్లగా ఉందని అడిగింది కన్యకమ్మ. మిగిలిన రెండు బస్తాల్లో ఒకటి ఇళ్ళవాళ్ళకు విప్పినారు. రెండోది అట్లే ఉంచమంది లావణ్య, బసప్ప వస్తాడేమోనని. రాడంది కన్యకమ్మ. కానీ ఉంచింది.

సోమవారం పొద్దున బసప్ప అన్నమాట ప్రకారం రోడ్డుకు ఆ పక్కకే పోయినాడు. అంగడి ముందు కూర్చున్న కన్యకమ్మకు అద్దంలోంచి అంతా కనపడింది. బసప్ప అడగడం, ఆనంద్ చేతులు తిప్పడం, నవ్వడం, తల గోక్కోవడం. ఉన్న మూడూ నిన్న అమ్మేసినాడు. అతనికీ బొరుగులు వచ్చేది ఆ బళ్ళారి బండిలోనే. మొన్న శనివారం భట్టీనుంచి ఫోను వస్తే, అరలో మూడున్నాయి గదా అని ఈ వారానికి వద్దన్నాడు. ఇప్పుడు చెప్పాలంటే మళ్ళీ శనివారం, రావాలంటే ఆ పై మంగళవారం. అంటే ఇంకా ఎనిమిది రోజులు.

బసప్ప రోడ్డు దాటి వచ్చినాడు. గడప దగ్గర కాసేపు నిలబడినాడు.

"ఏమన్నాడప్పా?" అంది కన్యకమ్మ, తెలియనట్టు.

"రేపు రమ్మన్నాడు."

కన్యకమ్మ నవ్వలేదు. ఆపుకోవడానికి చాలానే కష్టపడింది. లావణ్య ఆ ఒక్క బస్తా తెచ్చి మూతి విప్పింది. బసప్ప మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి, వెలుతురులో చూసి, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

"ఇట్లే పంపండి," అన్నాడు లావణ్యతో. "మూతి విప్పి. మీ అత్త కుట్టినవి నాకొద్దు."

మంగళవారం ఏడు బస్తాలు దిగినాయి. ఆనంద్ దగ్గర దొరకనివాళ్ళు కూడా ఇటే వచ్చినారు. ఏడూ పంచేస్తే మళ్ళీ వచ్చే సోమవారానికి బసప్పకు ఉండదని లావణ్య చెప్పింది. బసప్పకు ఐదు, ఇళ్ళకు రెండు, అంతకు మించి తీయకూడదంది. దాంతో ఆ వారంలో కన్యకమ్మ తన జన్మలో మొదటిసారి ఒక మనిషి ముఖం మీద లేవు అని చెప్పింది. పంచాయతీ ఆఫీసులో పనిచేసే జయంతి ఆ మాట విని, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగింది.

మూడో శుక్రవారం వరుసలో నిజం బస్తాలు మూడు మిగిలినాయి. పక్కన పొట్టు గోతాలు లేవు. వాటిని ఆదివారమే విప్పి మారెక్క గొర్రెల దొడ్లో పరవడానికి ఇచ్చేసింది, పొట్టు ఎక్కడిదో చెప్పకుండా. మూడింటికీ కుంకుమ పెట్టింది. అమ్మవారు ఇంతమందిని చూసింది, మంగళవారం బండి వస్తుందని ఆమెకు మాత్రం తెలియదా అనుకుంది.

శనివారం పొద్దున లావణ్య కాగితం దగ్గర నిలబడింది. లెక్కపెట్టడానికి కన్యకమ్మే లేచింది. ఒక్కో బస్తాకు మూతి విప్పి, చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ కట్టింది. మారెక్క ఎదురుగానే ఉంది, బీడీల కోసం వచ్చింది. కన్యకమ్మ గొంతు తగ్గించలేదు.

"మూడు. తొమ్మిది తెప్పించు."

"మూడేనా శెట్టమ్మా?" అంది మారెక్క, చెవులు నిక్కబొడుచుకుని.

"మూడే. పోయి ఊరంతా చెప్పుకో. మంగళవారానికి ఎవరికి ఎన్ని పడుల బొరుగులు కావాల్నో అది కూడా అడుక్కోని రా, ఆయమ్మి రాసుకుంటాది."